ఇష్టాన్ని క్రియకు తగిలించే భాష

“నాకు కాఫీ ఇష్టం” అంటాం మనం. ఈ వాక్యంలో కాఫీ ఉంది, ఇష్టం ఉంది, ‘నాకు’ అంటూ ఓ పక్కన నేనూ ఉన్నాను. తాగడం అనే పని మాత్రం ఎక్కడా లేదు. అక్కర్లేదు కూడా, కాఫీతో ఇంకేం చేస్తాం? జర్మన్లు ఇదే సంగతి చెప్పాలంటే ముందు పనినే పట్టుకుంటారు. “ఇష్ ట్రింకె గెర్న్ కఫె” అంటారు. ఇష్ అంటే నేను, ట్రింకె అంటే తాగుతాను, కఫె అంటే కాఫీ. మిగిలిన గెర్న్ అన్న చిన్న మాటే ఇష్టం సంగతంతా మోస్తుంది. “నేను కాఫీ ఇష్టంగా తాగుతాను” అన్నట్టన్న మాట.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జర్మన్ నేర్చుకునేవాళ్లకి ఈ మాట తొలి నెలలోనే ఎదురవుతుంది. గ్యోటే సంస్థ నిర్వహించే ఏ1 పరీక్షలో మాట్లాడే భాగం మొదలయ్యేదే స్వపరిచయంతో. పేరు, వయసు, దేశం, ఊరు, వచ్చిన భాషలు, ఉద్యోగం, హాబీ అన్న ముక్కలు ముందు పెడతారు. ఆ చివరి ముక్క దగ్గరకు వచ్చేసరికి మనవాళ్ల నోట తరచు “ఇష్ గెర్న్ మూజీక్” అనే మాట జారుతుంది. ‘నాకు సంగీతం ఇష్టం’ అన్న తెలుగు వాక్యాన్ని అచ్చంగా జర్మన్ మాటల్లో పేర్చడమే అది. కానీ అందులో క్రియ లేదు, క్రియ లేకపోతే గెర్న్‌కు నిలబడే చోటు లేదు. “ఇష్ హోరె గెర్న్ మూజీక్” అనాలి, నేను ఇష్టంగా సంగీతం వింటాను. వాయించేవాళ్లయితే ‘హోరె’ తీసేసి ‘మాఖె’ పెట్టుకోవాలి. తెలుగులో “సంగీతం ఇష్టం” అంటే వినడమా పాడడమా అన్నది ఎదుటివాళ్ల ఊహకు వదిలేస్తాం. గెర్న్‌తో అలా వదిలేయడం కుదరదు.

మనసులో “నాకు ఇష్టం” అని అనుకుని దాన్ని మార్చుకోబోతేనే ఈ చిక్కంతా. “ఇష్టంగా తింటాడు”, “ఇష్టంగా వింటుంది” అని మనమూ అంటాం. ఆ ‘గా’ చేసే పనే గెర్న్ కూడా చేస్తుంది. జర్మన్‌లో అనబోయే ముందు తెలుగులోనే ‘ఇష్టంగా’ అని అనుకుని చూడండి, వాక్యం దానంతటదే దారిన పడుతుంది. మాట పాతదే. దాని మూలంలో ఉన్న భావం కోరుకోవడం, ఆశపడడం. బెగేరెన్, అంటే గాఢంగా కోరుకోవడం, అన్న జర్మన్ క్రియ కూడా ఆ కుదురులోదే. మాట చివర చిన్న ‘ఎ’ చేర్చి ‘గెర్నె’ అన్నా అర్థం ఒకటే. రెండూ సరైనవే, ఎక్కడ ఏది వాడాలా అని తలపట్టుకోవక్కర్లేదు.

కాదనడానికి గెర్న్ ముందు ‘నిష్ట్’ వస్తుంది. “ఇష్ కొఖె నిష్ట్ గెర్న్” అంటే వంట చేయడం నాకంత ఇష్టం లేదని. శాకాహారులు మాత్రం ఇక్కడ కాస్త ఆగాలి. “ఇష్ ఎసె నిష్ట్ గెర్న్ ఫ్లైష్” అంటే మాంసం అంత ఇష్టంగా తినను అని మాత్రమే. పెడితే తింటానేమో అన్న సందు అందులో మిగిలే ఉంది. విన్న గృహిణి కాస్త తక్కువ మాంసం వడ్డిస్తే తప్పు ఆమెది కాదు. అసలు తినను అని చెప్పాలంటే గెర్న్‌ను తీసేసి “ఇష్ ఎసె కైన్ ఫ్లైష్” అనాలి. ఇష్టాయిష్టాల మాట వేరు, నియమం మాట వేరు.

గెర్న్‌కు ఇంకో వాడుక ఉంది, పాఠ్యపుస్తకాలు దాని జోలికి ఆలస్యంగా వెళ్తాయి. “డస్ విర్ట్ గెర్న్ ఫెర్‌గెసెన్” అంటే మాటకు మాట చూస్తే ‘అది ఇష్టంగా మరిచిపోబడుతుంది’. అసలు అర్థం, జనం దాన్ని ఇట్టే మరిచిపోతుంటారని. ఇక్కడ ఎవరి ఇష్టమూ లేదు, తరచుగా జరుగుతుంటుందనే చెబుతున్నారు. నీటి గట్టున ఫలానా చెట్టు ‘గెర్న్’ పెరుగుతుందన్నా అంతే, చెట్టుకు మనసుందని కాదు.

ఇప్పుడు రెండో మెట్టు. కాఫీ ఇష్టమే గానీ టీ ఇంకా ఇష్టం. తెలుగుకు పోలిక చెప్పడానికి మాట రూపం మార్చే అలవాటు లేదు. ‘కన్నా’, ‘కంటే’ పెట్టేస్తే చాలు, ఇష్టం ఇష్టంగానే ఉంటుంది. జర్మన్‌లో మామూలు విశేషణాలకి చివర ‘ఎర్’ చేరుస్తారు. ఆ లెక్కన గెర్న్ కాస్తా ‘గెర్నర్’ కావాలి. కాదు. ఇక్కడ ఆ మాట తప్పుకుని పూర్తిగా వేరే కుటుంబం నుంచి ఇంకో మాట వచ్చి కూర్చుంటుంది. అది లీబర్. ప్రియమైన అన్న అర్థమున్న ‘లీప్’ నుంచి వచ్చింది. “ఇష్ ట్రింకె లీబర్ టే అల్స్ కఫె”, కాఫీ కన్నా టీ తాగడమే నాకు ఇష్టం. మన ‘కన్నా’ చేసే పని ఆ ‘అల్స్’ చేస్తోంది, కాకపోతే మనకు కాఫీ వెనక వచ్చేది వాళ్లకు కాఫీ ముందు వస్తుంది. ఎక్కువ అన్న అర్థం కోసం ‘మేర్ గెర్న్’ అని అతికించబోతారు కొందరు. అలా ఎవరూ అనరు.

మూడో మెట్టు ఆమ్ లీప్‌స్టెన్, అన్నిటికన్నా ఇష్టంగా. “ఆమ్ లీప్‌స్టెన్ ట్రింకె ఇష్ బుటర్‌మిల్ష్”, అన్నిటికన్నా నాకిష్టం మజ్జిగ తాగడం. ఆమ్ లీప్‌స్టెన్‌ను వాక్యం మొదట పెట్టగానే ఏమైందో చూడండి. ట్రింకె కదల్లేదు, ‘ఇష్’ దాని వెనక్కి వెళ్లింది. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానం వదలదన్నది జర్మన్‌లో గట్టి కట్టుబాటు. మొదటి కుర్చీలో ఎవరు కూర్చున్నా రెండోది క్రియదే. క్రియను చివరన పెట్టే మనకు ఇది నోటికి అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. ఇంకో చిన్న తేడా. ఆమ్ లీప్‌స్టెన్ పనులకే. వస్తువు పేరుకే తగిలించాలంటే ‘లీబ్లింగ్స్’ అని ముందు అతికిస్తారు. లీబ్లింగ్స్‌ఎసెన్ అంటే అన్నిటికన్నా ఇష్టమైన తిండి.

ఇంతవరకు వ్యాకరణం. ఈ మూడు మాటలూ బయట, బేకరీలో, ఇంట్లో, ఆస్పత్రిలో చేసే పని దీనికన్నా చాలా పెద్దది. బేకరీలో బ్రెడ్డు కావాలంటే “ఇష్ హెటె గెర్న్ త్స్‌వై బ్రోట్‌షెన్” అంటారు. రెండు బ్రెడ్డు ఉండలు ఇష్టంగా కలిగి ఉండేవాణ్ని అన్నట్టుంటుంది గానీ, దాని అర్థం ‘రెండు ఇస్తారా’ అనే. ‘ఇష్ విల్’, అంటే నాకు కావాలి, అంటే చిన్నపిల్లల పేచీలా వినిపిస్తుంది. హెటె గెర్న్ దాన్ని మెత్తబరుస్తుంది. ఎవరైనా థాంక్స్ చెబితే జవాబుగా వచ్చే “గెర్న్ గెషేయెన్” కూడా ఇలాంటిదే, ‘సంతోషంగానే చేశాను’ అని. దాన్ని ఉత్తి “గెర్నె” అని కుదించడమూ మామూలే.

లీబర్‌కు సలహా ఇచ్చే గుణం ఉంది. “గే లీబర్ త్సుమ్ ఆర్ట్స్ట్” అంటే డాక్టరు దగ్గరకు ఇష్టంగా వెళ్లమని కాదు, ‘వెళ్తే మంచిది’ అని. వినేవాడికి ఇష్టం లేకపోవచ్చు కూడా. ఇక “లీబర్ నిష్ట్” అన్నది మర్యాదైన నిరాకరణ. మనం “వద్దులెండి” అన్నప్పుడు ఆ ‘లెండి’ ఎంత మెత్తగా వద్దంటుందో అంత మెత్తగా వద్దంటుంది. కానీ వద్దన్నది వద్దన్నదే. మన ఇళ్లలో లాగా మూడుసార్లు బతిమాలి వడ్డించే అలవాటు అక్కడ పనికిరాదు.

ఈ తేడాలు ఎక్కడ నిజంగా లెక్కలోకి వస్తాయో చూడాలంటే ఆస్పత్రి వార్డు కన్నా మంచి చోటు లేదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి ఆ దేశానికి పంపే కార్యక్రమం నడుపుతోంది, ఆంధ్రప్రదేశ్ నుంచీ ప్రైవేటు సంస్థల ద్వారా వెళ్తున్నవాళ్లున్నారు. కరీంనగర్ నుంచి వెళ్లిన ఓ నర్సు పొద్దున్నే వార్డులో టీ, కాఫీల బండి తోసుకుంటూ ఓ పెద్దావిడ మంచం దగ్గరకు వచ్చిందనుకుందాం. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయి రెండో రోజు.

“గూటెన్ మోర్గెన్. ట్రింకెన్ జీ లీబర్ కఫె ఓడర్ టే?” అని నర్సు అడుగుతుంది. కాఫీ తాగుతారా టీ తాగుతారా అని. ఇక్కడ గెర్న్ కాదు, రెండిట్లో ఒకటి ఎంచుకోమనడం కాబట్టి లీబర్. “లీబర్ టే, బిటె” అంటుంది ఆవిడ. టీయే ఇవ్వండి అని. “మిట్ త్సుకర్?”, చక్కెర వేయనా, అని అడిగితే ఆవిడ నవ్వుతూ “డంకె” అంటుంది.

నర్సు వేయాలా, వద్దా? డంకె అంటే థాంక్స్ అని మొదటి పాఠంలోనే చదువుకుంది కాబట్టి వేసేస్తుంది. కానీ ఏదైనా ఇవ్వబోతున్నప్పుడు జర్మన్‌లో ఉత్తి డంకె అంటే చాలాసార్లు ‘వద్దు, థాంక్స్’ అనే. కావాలనుకుంటే “యా, గెర్న్” అనో, “యా, బిటె” అనో అనేవారు. గెర్న్ వినిపించిందా, ఇవ్వండి. ఒట్టి డంకె వినిపించి చెయ్యి కాస్త పైకి లేచిందా, ఆగండి. అనుమానంగా ఉంటే “మిట్ ఓడర్ ఓనె?”, వేసా వేయకుండానా, అని ఇంకోసారి అడిగితే సరిపోతుంది.

రాత్రి నిద్ర ఎలా పట్టిందని నర్సు అడుగుతుంది. “త్సీమ్లిష్ ష్లెష్ట్” అంటుంది ఆవిడ. ష్లెష్ట్ అంటే చెడ్డగా. త్సీమ్లిష్‌కు నిఘంటువులు ‘ఓ మోస్తరుగా, తగుమాత్రంగా’ అంటాయి. ఆ అర్థం పట్టుకుంటే ‘ఏదో ఓ మోస్తరుగా నిద్ర పట్టలేదులే’ అనిపిస్తుంది. కానీ చెడు సంగతులతో వచ్చినప్పుడు త్సీమ్లిష్‌కు బరువు ఎక్కువ. త్సీమ్లిష్ ష్లెష్ట్ అంటే నిజంగానే బాగా పట్టలేదని. గొంతు పెంచకుండా ఫిర్యాదు చెప్పే పద్ధతి అది. నొప్పి సంగతీ అంతే. “డస్ క్నీ టూట్ త్సీమ్లిష్ వే”, మోకాలు త్సీమ్లిష్ నొప్పిగా ఉందంటే, పరవాలేదన్నట్టు రాసుకుని వెళ్లిపోకూడదు. జర్మన్ ఆస్పత్రుల్లో నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో అడిగే పద్ధతి ఉంది. అలాంటి మాట వినగానే ఆ అంకె అడగాలి. ఆవిడ ‘ఏడు’ అంటే ఆ త్సీమ్లిష్ బరువెంతో తేలిపోతుంది.

లేచి నాలుగడుగులు వేయాలంటే “హొయిటె లీబర్ నిష్ట్” అంటుంది ఆవిడ, ఇవ్వాళ వద్దులెండి అని. ఇది మెత్తటి వద్దు. కారణం అడగాలి, నొప్పి మందు ఇచ్చి ఓ గంట ఆగి మళ్లీ అడగాలి. ఆఖరున నిట్టూర్చి “ఆమ్ లీప్‌స్టెన్ వ్యూర్డె ఇష్ నాహ్ హౌజె గేయెన్” అంటుంది. ఇంటికి వెళ్లిపోతే ఎంత బాగుండును అని. దీన్ని డిశ్చార్జి అడుగుతోందని రాసుకోనక్కర్లేదు. ఆమ్ లీప్‌స్టెన్‌తో పాటు ‘వ్యూర్డె’ కలిసిందంటే చాలాసార్లు అది జరగదని చెప్పేవాళ్లకీ తెలుసు. అది విన్నపం కాదు, మనసులోని కోరిక. వినిపించుకుని ఓ మంచి మాట చెబితే చాలు.

ఇంత చిన్న సంభాషణలోనే ఎంత ఇష్టం అన్న ప్రశ్న నుంచి ఎంత మోతాదు అన్న ప్రశ్నకు వచ్చేశాం. మోతాదు చెప్పే మాటల్లో మనవాళ్లకు ముందు తగిలేది జేర్. జడలోని ‘జ’కు దగ్గరగా పలకాలి, ‘జేబు’లో లాగా కాదు. అలాగే త్సీమ్లిష్ మొదటి అక్షరం చలిలోని ‘చ’ లాంటిదే. ఇంగ్లిష్ చదువుకున్నవాళ్లు దాన్ని ‘జీమ్లిష్’ అంటారు గానీ చలి, చాప అనడం వచ్చిన తెలుగువాళ్లకి అది పుట్టుకతో వచ్చిన అక్షరం.

జేర్ అంటే చాలా. చిక్కు మన ‘చాలా’ దగ్గరే ఉంది. “చాలా అందంగా ఉంది”, “చాలా నీళ్లు”, “చాలా పని చేస్తాను”, “చాలా మెరుగు”, ఇన్నిటికీ మనకు ఒకే మాట. జర్మన్‌లో ఇది రెండు మాటల మధ్య పంచి ఉంటుంది. గుణానికీ మనసులోని తీవ్రతకీ జేర్, లెక్కకీ పరిమాణానికీ ఫీల్. అందం జేర్, చలి జేర్, సంతోషం జేర్. నీళ్లు ఫీల్, డబ్బు ఫీల్, పని ఫీల్. “ఇష్ ఆర్బైటె జేర్” అంటే జర్మన్ చెవికి ఎక్కడో తేడాగా తగులుతుంది. ‘ఇష్ ఆర్బైటె ఫీల్’ అనాలి. అదే “ఎస్ ఫ్రొయిట్ మిష్ జేర్”, చాలా సంతోషంగా ఉంది, అన్నప్పుడు ఫీల్ పనికిరాదు. సంతోషాన్ని లెక్కపెట్టలేం కదా.

పోలిక దగ్గర ఇంకో మలుపు. గూట్ అంటే మంచి, జేర్ గూట్ అంటే చాలా మంచి. బెసర్ అంటే మెరుగు. చాలా మెరుగు అనాలంటే ‘జేర్ బెసర్’ కాదు, “ఫీల్ బెసర్”. రెండిటి మధ్య దూరం కొలుస్తున్నాం కాబట్టి అక్కడికి లెక్క మాటే వస్తుంది. మన మొదటి మూడు మాటలూ ఈ నియమానికి కట్టుబడతాయి. చాలా ఇష్టంగా అంటే “జేర్ గెర్న్”. దానికన్నా ఇది చాలా ఇష్టం అంటే “ఫీల్ లీబర్”. జేర్ లీబర్ అన్న మాట లేదు. ఆమ్ లీప్‌స్టెన్‌కు ఈ రెండూ కుదరవు, అది ఇప్పటికే కొస మెట్టు మీద ఉంది. ఇంకా నొక్కాలంటే ‘ఆమ్ అలర్‌లీప్‌స్టెన్’ అంటారు.

జేర్ పుట్టుక ఆసక్తికరం. పాత జర్మన్‌లో ఆ మాటకు నొప్పిగా, బాధగా అని అర్థం. ఇప్పటికీ ‘ఫెర్‌జేర్ట్’ అంటే గాయపడిన, ‘ఉన్‌ఫెర్‌జేర్ట్’ అంటే దెబ్బ తగలని. నొప్పి పుట్టేంతగా అన్న మాట అరిగి అరిగి ఉత్తి ‘చాలా’ అయిపోయింది. మనకు ఇది కొత్తేమీ కాదు. “సినిమా తెగ నచ్చింది” అంటున్నప్పుడు ఆ ‘తెగ’లో తెగిపోవడం ఎవరికి గుర్తొస్తుంది?

అరిగిపోయిన మాట కాబట్టే కొన్నిచోట్ల జేర్‌కు బరువే లేదు. ఉత్తరం మొదట రాసే “జేర్ గెయేర్టె డామెన్ ఉంట్ హెరెన్”లోని జేర్ వట్టి మర్యాద. ఇంకొన్ని చోట్ల అదే ముద్ర. జర్మన్ బడుల్లో మార్కులు 1 నుంచి 6 దాకా ఉంటాయి, 1 అన్నిటికన్నా మంచిది. దాని పేరే జేర్ గూట్. 2 గూట్, 3 బెఫ్రీడిగెంట్, అంటే సంతృప్తికరం. ఆ తర్వాత ఔస్‌రైషెంట్ దాకా పాసు. ఇక 5, 6 తప్పడమే. బెర్లిన్‌లో 1964లో ఏర్పడిన ష్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్ అనే సంస్థ వస్తువులను పరీక్షించి ఇలాంటి పేర్లతోనే మార్కులిస్తుంది. 0.5 నుంచి 1.5 దాకా వస్తే జేర్ గూట్. సూపర్ మార్కెట్లో పళ్లపేస్టు పెట్టె మీద జేర్ గూట్ అని కనిపిస్తే అది కంపెనీవాళ్ల గొప్ప కాదు, పరీక్షలో వచ్చిన మార్కు.

అందుకే జర్మన్లు జేర్‌ను ఊరికే పారబోయరు. నచ్చిన ప్రతిదాన్నీ జేర్ గూట్ అనడం మనవాళ్ల అలవాటు, ఇంగ్లిష్‌లోని ‘వెరీ గుడ్’ పుణ్యమా అని. వాళ్లు ఒక మెట్టు దిగి ‘గూట్’ అంటారు. ఇంకో మెట్టు దిగితే త్సీమ్లిష్ గూట్, రెష్ట్ గూట్ వస్తాయి.

త్సీమ్లిష్ ‘త్సీమెన్’ అనే క్రియలోంచి వచ్చింది, తగి ఉండటం అని అర్థం. ‘ఎస్ త్సీమ్ట్ జిష్ నిష్ట్’ అంటే అలా చేయడం తగదని పాతకాలపు మందలింపు. తగినట్టుగా అన్నది తగినంతగా అయింది, అక్కడి నుంచి ‘కొంచెం గట్టిగానే’ అన్న చోటికి చేరింది. చెడ్డ సంగతితో వస్తే దాని బరువు ఎలా పెరుగుతుందో వార్డులో చూశాం. మంచి సంగతితో వస్తే అడ్డం తిరుగుతుంది, మెచ్చుకోలు సగంలో ఆగిపోతుంది. తెలుగులో “కూర బాగుంది” అనడానికీ, “కూర బాగానే ఉంది” అనడానికీ తేడా ఎంతో మన ఇళ్లలో వండి వడ్డించే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ ‘నే’ మెచ్చుకోలు కాదు, మెచ్చుకోలు దగ్గర ఆగి పెట్టిన షరతు. త్సీమ్లిష్ గూట్ సరిగ్గా ఆ ‘బాగానే ఉంది’. జర్మన్ ఇంట్లో భోజనానికి పిలిస్తే వెళ్లి “డస్ ఎసెన్ ఇస్ట్ త్సీమ్లిష్ గూట్” అంటే, ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంటే ఆశ్చర్యం లేదు. అక్కడ అనాల్సింది జేర్ గూట్. అంత అనలేకపోతే ఒట్టి గూట్ అన్నా మేలే. మోతాదు మాట వేయకపోవడం కూడా ఒక మోతాదే.

రెష్ట్‌కు అసలు అర్థం సరైనది, న్యాయమైనది. మోతాదు మాటగా త్సీమ్లిష్‌కు దగ్గరలోనే ఉంటుంది. రెండిట్లో ఏది ఎక్కువ అని కొలిచి చెప్పమంటే జర్మన్లే తడబడతారు. నా మటుకు నాకు, రెష్ట్ ఒక పిసరు తక్కువ, ఒక పిసరు పెద్దమనిషి తరహా. మాట్లాడేటప్పుడు త్సీమ్లిష్ ఎక్కువ, రాతలోనూ పెద్దవాళ్ల మాటలోనూ రెష్ట్ ఎక్కువ. చెడు కన్నా మంచితోనే దానికి పొత్తు ఎక్కువగా కుదురుతుంది, రెష్ట్ నెట్, అంటే బాగానే కలుపుగోలు మనిషి, అన్నట్టు. పైకి మెత్తగానే ఉన్నా అందులోనూ ఆ ‘నే’ దాక్కుని ఉంటుంది. ఉద్యోగి పని రెష్ట్ ఓర్డెంట్లిష్, బాగానే పద్ధతిగా ఉందని పై అధికారి అంటే సంబరపడి ఇంటికి ఫోన్ చేయనక్కర్లేదు.

రెష్ట్‌తో జాగ్రత్త పడాల్సింది మోతాదు దగ్గర కాదు, అది ఇతర వేషాల్లో తిరిగేటప్పుడు. “ఇష్ వైస్ నిష్ట్ రెష్ట్” అంటే ‘సరిగ్గా తేల్చుకోలేకపోతున్నాను’. “డస్ ఇస్ట్ మీర్ రెష్ట్” అంటే ‘నాకు అభ్యంతరం లేదు’. “ఎయెర్స్ట్ రెష్ట్” అంటే ‘అయితే ఇంకా గట్టిగా’, వద్దన్న పని మరింత పట్టుదలగా చేసే పిల్లవాడి మొండితనం అది. మూడింట్లో ఎక్కడా ‘ఓ మోస్తరు’ అన్న అర్థం లేదు. పక్కన గుణం చెప్పే మాట ఉంటేనే అది మోతాదు, లేకపోతే వేరే పని మీద ఉందన్న మాట.

ఈ చిన్న మాటలు జీతాన్ని తాకే చోటు ఒకటుంది. జర్మనీలో ఉద్యోగం మానేటప్పుడు యజమాని నుంచి రాతపూర్వకంగా పని సర్టిఫికెట్ పొందే హక్కు ఉద్యోగికి చట్టం ఇచ్చింది. అందులో నేరుగా చెడ్డ మాటలు ఉండవు. అన్నీ మెచ్చుకోళ్లలాగే కనిపిస్తాయి, మార్కు మాత్రం మోతాదు మాటల్లో దాగి ఉంటుంది. పనితో ‘సంతృప్తి’ అన్నారంటే బొటాబొటి పాసు. ‘పూర్తి సంతృప్తి’ అంటే మధ్యస్థం. ‘ఎల్లప్పుడూ పూర్తి సంతృప్తి’ అంటే మంచి మార్కు. ‘ఎల్లప్పుడూ సంపూర్ణాతిసంపూర్ణ సంతృప్తి’ లాంటి, వ్యాకరణం ఒప్పుకోని అతిశయోక్తి రాస్తేనే ఒకటో మార్కు. ఇది దుకాణాల వాళ్ల గుసగుస కాదు. ‘పూర్తి సంతృప్తి’ అంటే సగటు అనీ, అంతకన్నా మంచి మార్కు కావాలనేవాళ్లే తమ పనిని రుజువు చేసుకోవాలనీ 2014 నవంబరులో ఎర్ఫుర్ట్‌లోని సమాఖ్య కార్మిక న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఆ కాగితం ఆఖరి పేరాలో మామూలుగా ఒక వాక్యం ఉంటుంది, “వీర్ బెడౌఎర్న్ జైన్ ఔస్‌షైడెన్ జేర్”. ఆయన వెళ్లిపోతున్నందుకు మేం చాలా విచారిస్తున్నాం అని. ఆ చివరి జేర్ ఉంటే వదులుకోవడం ఇష్టంలేని మనిషి, లేకపోతే మంచివాడే, వాక్యమే లేకపోతే తర్వాతి ఉద్యోగం ఇచ్చేవాళ్లు కనుబొమలు ఎగరేస్తారు. ఆ వాక్యం రాసి తీరాలనే హక్కు మాత్రం ఉద్యోగికి లేదని అదే న్యాయస్థానం 2012లో చెప్పింది. కాబట్టి జర్మనీలో ఉద్యోగం మారుతున్న మనవాళ్లు సర్టిఫికెట్ చేతికి రాగానే ముందు ఆఖరి పేరా చదవండి. అందులో జేర్ కనిపించకపోతే మర్యాదగా అడగండి, అడిగితే రాసిచ్చేవాళ్లు లేకపోలేదు.